నలుగురం, ఏడు వారాలు మిగిలాయి, బోర్డులో 19 కార్డులు "జరుగుతున్నవి" దగ్గరే ఆగిపోయాయి

కొల్లేరు_కొంగ

నమస్తే అందరికీ. మేం నలుగురం, బీటెక్ మూడో సంవత్సరం. మినీ ప్రాజెక్టు కోసం గోడో 4 లో ఒక 2డి గేమ్ చేస్తున్నాం. కొల్లేరులో పడవ మీద తిరుగుతూ వల వేసి చేపలు పట్టాలి, గుర్రపుడెక్కలో పడవ చిక్కుకోకుండా చూసుకోవాలి, చీకటి పడేలోపు గట్టుకి చేరాలి. ఆట ఇంతే.

పని ఇలా పంచుకున్నాం. పడవ, వల, చేపల కోడ్ నాది. మెనూలు, స్కోరు, సేవ్ చేయడం ఒకతనిది. బొమ్మలన్నీ ఒకమ్మాయి గీస్తుంది. లెవెల్స్, సౌండ్ ఇంకొకతను చూస్తాడు. గిట్‌హబ్ ప్రాజెక్ట్స్‌లో కాన్‌బాన్ బోర్డు పెట్టుకున్నాం, మూడు కాలమ్స్: చేయాల్సినవి, జరుగుతున్నవి, అయిపోయినవి. మూడు వారాలు గడిచాక ఇవాళ లెక్క చూస్తే చేయాల్సినవి 38, జరుగుతున్నవి 19, అయిపోయినవి 6. ఇంకా ఏడు వారాలే ఉన్నాయి.

ఎవరూ ఖాళీగా కూర్చోలేదు, అదే నాకు అర్థం కావడం లేదు. అందరం రాత్రి ఒంటి గంట దాకా చేస్తూనే ఉన్నాం. కానీ ఎవరైనా "ఏదీ, గేమ్ చూపించు" అంటే పడవ కదలడం తప్ప చూపించడానికి ఏమీ లేదు. "చేపలు పట్టడం" అనే కార్డు తెరిచి 16 రోజులైంది. అడిగితే అందరం "తొంభై శాతం అయింది" అంటున్నాం, నేను కూడా. తప్పు బోర్డులో ఉందా, పని పంచుకోవడంలో ఉందా?

గోదారి_గట్టు

గిట్‌హబ్ ప్రాజెక్ట్స్ స్టూడెంట్స్‌కి కష్టం అమ్మా. ట్రెల్లోకి మారండి, ఫోన్లో కూడా సులువుగా కనిపిస్తుంది, రంగులు పెట్టుకోవచ్చు. మా తమ్ముడి బ్యాచ్ అంతా అదే వాడింది.

కొల్లేరు_కొంగ

యాప్ వాడటంలో మాకు ఇబ్బంది లేదండి, కార్డులు జరపడం అందరికీ వచ్చు. కార్డులు అయిపోయినవి వైపు వెళ్లడం లేదు, నా బాధ అది.

హరి_విజయనగరం

నేను ఐటీలో ఆరేళ్లుగా ఉన్నాను. మీకు స్ప్రింట్లు లేవు, అందుకే ఇలా అయింది. ఏడు వారాలంటే ఏడు స్ప్రింట్లు. మిగిలిన 57 కార్డులని ఏడుతో భాగిస్తే వారానికి ఎనిమిది, అంటే మనిషికి రెండు. ప్రతి సోమవారం ఎవరి రెండు కార్డులు వాళ్లకి ఇచ్చేయండి, ఆదివారం అడగండి. గడువు లేకపోతే ఏ పనీ పూర్తవదు. కాన్‌బాన్ అంటే మూడు కాలమ్స్ అంతే, అది పని ఎక్కడుందో చూపిస్తుంది గానీ చేయించదు.

నల్లబల్ల

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియోలో ప్రొడ్యూసర్‌ని, రోజూ ఈ బోర్డుల పనే. హరి గారు గడువు గురించి చెప్పినది కొంతవరకు నిజమే. కానీ వారానికి ఎనిమిది అవ్వాలని భాగహారం చేసినంత మాత్రాన ఎనిమిది అవ్వవు. ఇప్పటిదాకా మూడు వారాల్లో ఆరు అయ్యాయి, అంటే వారానికి రెండు. మొదలుపెట్టి వదిలేసినవి 19. 19 ని 2 తో భాగిస్తే తొమ్మిదిన్నర. ఇదే తీరులో వెళ్తే ఇవాళ మొదలుపెట్టిన కార్డు సగటున తొమ్మిదిన్నర వారాలకి పూర్తవుతుంది. మీకున్నవి ఏడు వారాలు. అందరూ రాత్రిళ్లు మేలుకుని పని చేస్తున్నా ఏమీ చూపించలేకపోవడానికి కారణం ఇదే, చేతిలో ఒకేసారి ఎక్కువ పనులు పట్టుకున్నారు.

కాన్‌బాన్ అంటే మూడు కాలమ్స్ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. జపాన్ భాషలో ఆ మాటకి పలక, బోర్డు అని అర్థం. టొయోటా ఫ్యాక్టరీలో తైచి ఓనో ఈ పద్ధతి పెట్టినప్పుడు కార్డు ఎందుకంటే, ముందు విభాగం వాళ్లు సరుకు వాడుకుని కార్డు వెనక్కి పంపితేనే వెనక విభాగం కొత్తది తయారు చేయాలి. కార్డు రాకపోతే ఆగాలి. అసలు విషయం ఆ ఆపడంలో ఉంది. మీ బోర్డులో ఆపేది ఏదీ లేదు, ఎవరికి ఎప్పుడు తోచితే అప్పుడు కొత్త కార్డు లాగేస్తున్నారు.

సలహా చెప్పేముందు నాకొకటి కావాలి. ఆ "చేపలు పట్టడం" కార్డు 16 రోజుల్లో ఎవరెవరి చేతుల్లో తిరిగిందో రాయగలవా? ఎక్కడ ఎన్ని రోజులు ఆగిందో కూడా.

కొల్లేరు_కొంగ

రాస్తున్నాను అన్నా. ఇందాక కూర్చుని చాట్ అంతా వెనక్కి చదివాను.

మొదటి మూడు రోజులు నేను వల కోడ్ రాశాను. స్పేస్ నొక్కితే వల పడాలి, లోపల ఉన్న చేపలు లెక్కలోకి రావాలి. వల బొమ్మ లేదు కాబట్టి ఆగాను, ఆగి గుర్రపుడెక్క కార్డు మొదలుపెట్టాను. బొమ్మలమ్మాయి అప్పటికి కొంగలు, గూడకొంగలు గీస్తోంది, అవి పూర్తయ్యాక ఆరో రోజున వల మొదలుపెట్టి తొమ్మిదో రోజున ఇచ్చింది. కానీ తను 96 పిక్సెల్స్‌లో గీసింది, నేను 64 అనుకుని కోడ్ రాశాను, తగిలే హద్దులన్నీ తప్పాయి. అప్పటికి నేను గుర్రపుడెక్కలో మునిగి ఉన్నాను కాబట్టి పన్నెండో రోజు దాకా ఆ ఫైల్ తెరవలేదు. ఆ తర్వాత స్కోరు చూసే అతను లెక్క చూపించే చోటు ఇంకా పెట్టలేదని తెలిసింది, అతను సేవ్ మీద ఉన్నాడు. ఇవాళ్టికి 16.

రాస్తుంటే నాకే కనిపిస్తోంది. నిజంగా పని జరిగింది ఆరేడు రోజులు, మిగతాదంతా ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటమే.

నల్లబల్ల

సరిగ్గా పట్టుకున్నావు. పనిని మనుషుల లెక్కన కోశారు, ఆట లెక్కన కోయలేదు. బొమ్మలు ఒకరికి, కోడ్ ఒకరికి, సౌండ్ ఒకరికి అని పంచుకున్నప్పుడు ఎవరి కాలువలో వాళ్లు బాగానే పారతారు, కానీ ఆట నాలుగు కాలువలూ కలిసే చోట కదా ఉంటుంది. ఆ కలిపే పనికి మీ బోర్డులో కార్డే లేదు. "వల బొమ్మ" కార్డు, "వల కోడ్" కార్డు, "వల సౌండ్" కార్డు, మూడూ అయిపోయినవిలో ఉన్నా వల పడకపోవచ్చు.

ఎవరి పని వాళ్లే చేయండి, దాన్ని మార్చమని అనడం లేదు. కార్డుని మాత్రం ఆడేవాడికి కనిపించే మార్పుగా రాయండి. చేపలు పట్టడాన్ని నేనైతే ఇలా కోస్తాను:

ఒకటి, బూడిదరంగు చతురస్రం పడవ, బూడిదరంగు చతురస్రం చేప, స్పేస్ నొక్కితే గుండ్రటి హద్దులోని చేప మాయమవ్వాలి. రెండు, మాయమైన ప్రతి చేపకి పైన అంకె ఒకటి పెరగాలి, అక్షరాలు ఎంత వికారంగా ఉన్నా పర్లేదు. మూడు, గుండ్రటి హద్దు స్థానంలో నిజం వల యానిమేషన్. నాలుగు, వల నీళ్లలో పడే చప్పుడు, చేప దొరికితే ఒక చప్పుడు. ఐదు, వల వేశాక రెండు సెకన్లు మళ్లీ వేయలేకపోవడం.

ఒక్కోటి సగం రోజు నుంచి రెండు రోజుల పని. రెండు రోజులు దాటేలా ఉంటే ఇంకా కోయాలి. మొదటిది అయిన రోజునే ఆట ఆడొచ్చు, వికారంగా ఉంటుంది, కానీ వల వేయడం సరదాగా ఉందో లేదో ఆ రోజే తెలిసిపోతుంది. 16 రోజులు ఆగి, బొమ్మలన్నీ గీసేశాక "ఇది బోర్ కొడుతోంది" అని తెలిస్తే ఆ అమ్మాయి కష్టమంతా వృథా.

ఇక హద్దు. "జరుగుతున్నవి" పక్కన ఇంకో కాలమ్ పెట్టండి, పేరు "ఆడి చూడాలి". జరుగుతున్నవిలో 4 మించకూడదు, ఆడి చూడాలిలో 2 మించకూడదు. గిట్‌హబ్‌లో కాలమ్‌కి పరిమితి అంకె పెట్టొచ్చు, కానీ దాటితే అది ఆపదు, అంకె చూపిస్తుందంతే. ఆపుకోవాల్సింది మీరే. రోజూ బోర్డుని కుడి నుంచి ఎడమకి చదవండి. ముందు ఆడి చూడాలి నిండిందా అని చూసి, నిండితే కొత్తది లాగకుండా కూర్చుని ఆడండి. చేసిన మనిషి కాకుండా వేరే వాళ్లు ఆడాలి.

ఇప్పుడున్న 19 లో ఆరు ఉంచి 13 వెనక్కి పంపేయండి. బాధగా ఉంటుంది, కానీ పోయేదేమీ లేదు, చేసినదంతా బ్రాంచిలో ఉంటుంది.

హరి_విజయనగరం

నలుగురికి నాలుగంటే మనిషికి ఒకటి. ఎక్కడైనా ఆగిపోతే ఆ మనిషి చేతులు కట్టుకు కూర్చోవాలా? మా ఆఫీసులో మనిషికి మూడు ఉంటాయి, ఒకటి ఆగితే ఇంకోటి చేస్తాం. పైగా మీ తొమ్మిదిన్నర వారాల లెక్క నాకు నచ్చలేదు. కార్డులన్నీ ఒకే సైజులో లేవు కదా, మూడు వారాల సగటుతో ఏడు వారాల జోస్యం చెప్పడం ఎలా కుదురుతుంది?

నల్లబల్ల

లెక్క గురించి మీరన్నది ఒప్పుకుంటాను. లోపలికి వచ్చేవీ బయటికి పోయేవీ ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడే ఆ భాగహారం బాగా పనిచేస్తుంది, వీళ్లకి అలా లేదు. తేదీ చెప్పడానికి నేను దాన్ని వాడను. చేతిలో ఉన్నవి తగ్గితే ఒక్కోటి త్వరగా బయటపడుతుందని చూడటానికి మాత్రం చాలు.

ఆగితే ఇంకోటి మొదలుపెట్టడం గురించి మాత్రం ఒప్పుకోను. కొల్లేరు_కొంగ చేసింది అదే కదా. వల బొమ్మ లేదని గుర్రపుడెక్క మొదలుపెట్టింది, బొమ్మ వచ్చాక మూడు రోజులు దాన్ని తెరవలేదు. ఆగినప్పుడు కొత్త కార్డు తీయడానికి ముందు చేయగలిగినవి ఉన్నాయి. ఎవరి వల్ల ఆగిందో వాళ్ల దగ్గరకెళ్లి వాళ్ల కార్డు ముందుకు కదలడానికి ఏం కావాలో అడగొచ్చు, ఆడి చూడాలిలో ఉన్నది ఆడొచ్చు, ఉత్తుత్తి బొమ్మ పెట్టుకుని సాగిపోవచ్చు. ఇవన్నీ అయ్యాక కూడా ఖాళీ ఉంటే ఒక గంట ఖాళీగా ఉన్నా నష్టం లేదు.

తూనీగ

నేను ఆర్టిస్టుని, మూడు స్టూడెంట్ గేమ్స్‌కి బొమ్మలు గీశాను కాబట్టి ఆ అమ్మాయి వైపు నుంచి చెప్తాను. "ఒక్క కార్డే పట్టుకో" అనేది కోడ్ రాసేవాళ్లకి సరిపోతుంది గానీ బొమ్మలకి అంత సరిపోదు. నేను కూర్చున్నప్పుడు ఐదు రకాల చేపల స్కెచ్‌లు ఒకేసారి వేస్తాను, రంగులు ఒకేసారి ఎంచుకుంటాను, లేకపోతే ఒక చేప ఒక గేమ్‌లోది, ఇంకో చేప ఇంకో గేమ్‌లోది అన్నట్టు ఉంటుంది. వాటిని ఐదు కార్డులుగా విడగొట్టి ఒక్కోటే లాగమంటే నా చేయి ఆగిపోతుంది.

కానీ 96, 64 గొడవ విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే నాకూ అలాగే జరిగింది. కార్డులో సైజు రాయకపోవడం గీసేవాళ్ల తప్పు కాదు. నేనిప్పుడు ఏ బొమ్మ కార్డు తీసుకోవాలన్నా అందులో ఇవి ఉండాలని పట్టుబడతాను:

```
ఫైల్: assets/net_throw.png
ఫ్రేమ్ సైజు: 64x64, ఫ్రేములు: 8, ఒకే వరుసలో
వేగం: సెకనుకి 12 ఫ్రేములు
ఆధార బిందువు: మధ్యలో
```

ఇది రాసిన రోజే కోడ్ వాళ్లు అదే పేరుతో, అదే సైజులో, 8 గడుల మీద 1 నుంచి 8 అంకెలు వేసిన ఉత్తుత్తి బొమ్మ పెట్టేస్తారు. యానిమేషన్ వరుస తప్పితే అంకెలు చూసి అక్కడే తెలిసిపోతుంది. నేను నిజం బొమ్మ ఇచ్చినప్పుడు అదే ఫైల్ మీద రాసేస్తాను, కోడ్‌లో ఒక్క లైను మారదు. ఇక ఎవరూ నా కోసం ఆగరు, నా మీద టెన్షన్ కూడా ఉండదు.

నల్లబల్ల

తూనీగ గారూ, ఆ అంకెల ఉపాయం చాలా బాగుంది, నేను మా వాళ్లకి చెప్తాను. ఐదు చేపల స్కెచ్‌లని ఒకే కార్డుగా పెడితే? "ఐదు చేపల స్కెచ్, రంగులు", అది అయ్యాక ఒక్కో చేప ఒక్కో కార్డు.

తూనీగ

అలా కొంతవరకు కుదురుతుంది. కానీ స్కెచ్ నుంచి రంగుకి, రంగు నుంచి మళ్లీ స్కెచ్‌కి వెళ్తూనే ఉంటాం. ఆర్టిస్టుకి రెండు వదలండి అంటాను నేను.

సౌండ్‌పెట్టె

మేం గ్లోబల్ గేమ్ జామ్‌లో 48 గంటల్లో గేమ్ చేశాం, నలుగురమే. బోర్డూ లేదు ఏమీ లేదు, గోడ మీద స్టిక్కీ నోట్లు అంటించాం, పని బాగా అయింది. బోర్డు నింపే టైమ్‌లో ఒక ఫీచర్ అయిపోతుంది కదా.

టెక్సస్_తాటిచెట్టు

జామ్‌లో అందరూ ఒకే గదిలో, ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారు బ్రో, గోడ మీద ఆ స్టిక్కీ నోట్లే మీ బోర్డు. నేను ఇక్కడ ఎంఎస్‌లో గేమ్ క్లాసులో చేసినప్పుడు నలుగురిలో ఇద్దరం క్యాంపస్‌లో, ఇద్దరు వేరే ఊళ్లలో. పొద్దున లేచి చూస్తే ఎవరు ఏం చేశారో తెలిసేది కాదు, బోర్డు ఒక్కటే దిక్కు.

మా దగ్గర జరిగింది చెప్తాను, వీళ్లకి పనికొస్తుంది. మేం కూడా గిట్‌హబ్ బోర్డే. పుల్ రిక్వెస్ట్‌లో `Closes #14` అని రాసేవాళ్లం, మెయిన్ బ్రాంచిలో కలపగానే ఇష్యూ దానంతటదే మూసుకుపోయి, కార్డు నేరుగా అయిపోయినవి కాలమ్‌కి వెళ్లేది. మాకు చాలా గొప్పగా అనిపించింది. రెండు వారాల తర్వాత చూస్తే అయిపోయినవిలో ఉన్న వాటిలో సగానికి సగం ఎవరూ ఆడి చూడలేదు. పరీక్ష కాలమ్ ఉంది, కానీ కార్డు అక్కడ ఒక్క నిమిషం కూడా ఆగేది కాదు. తర్వాత `Refs #14` అని రాయడం మొదలుపెట్టాం. అలా రాస్తే లింకు పడుతుంది, ఇష్యూ మూసుకోదు. ఆడి చూసిన మనిషే చేత్తో మూయాలి. చిన్న మార్పే గానీ మా బోర్డు నిజం చెప్పడం అప్పుడే మొదలైంది.

కొల్లేరు_కొంగ

అన్నా, మేం కూడా `Closes` అనే రాస్తున్నాం! అయిపోయిన ఆరింటిలో ఎన్ని నిజంగా అయ్యాయో ఇప్పుడే చూస్తాను.

కొల్లేరు_కొంగ

చూశాను. ఆరింటిలో రెండు కాలేదు. ఒకటి మెనూలో వెనక్కి వెళ్లే బటన్ పని చేయడం లేదు. రెండోది ఇంకా విచిత్రం, గూడకొంగ ఎగరడం నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది, ఫోన్‌కి ఎక్స్‌పోర్ట్ చేస్తే కొంగే కనిపించడం లేదు. కోడ్ అదే, బొమ్మ అదే.

నల్లబల్ల

ఫైల్ పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉందేమో చూడు. ఫైల్ `Pelican.png` అని ఉండి కోడ్‌లో `pelican.png` అని రాస్తే విండోస్‌లో నడుస్తుంది, ఆండ్రాయిడ్‌కి ఎక్స్‌పోర్ట్ చేశాక దొరకదు. ఎడిటర్ కింద అవుట్‌పుట్‌లో `Case mismatch` అనే హెచ్చరిక వచ్చి ఉంటుంది, ఎవరూ చూసి ఉండరు. ఫైల్ పేర్లన్నీ చిన్నక్షరాల్లోనే అని ఇవాళే నిర్ణయించుకోండి.

"అయిపోయింది" అంటే ఏమిటో కూడా ఇవాళే రాసుకోండి. మీకైతే ఒక్క వాక్యం చాలు: మెయిన్ బ్రాంచిలో కలిసింది, ఫోన్‌కి ఎక్స్‌పోర్ట్ చేశాం, చేయని మనిషి ఐదు నిమిషాలు ఆడారు. ఎడిటర్‌లో నడవడం లెక్కలోకి రాదు.

కొల్లేరు_కొంగ

అదే అన్నా! `Pelican` అని పెద్ద పి ఉంది. మార్చాక ఫోన్‌లో కొంగ వచ్చింది.

వలకాడు

నేను ఈ టీమ్‌లో లెవెల్స్, సౌండ్ చేసే మనిషిని, లింకు పంపితే చదివాను. ఒక మాట చెప్పాలి. ఈ మూడు వారాల్లో నాకు నిజంగా చేయడానికి పని దొరకలేదు. పడవ వేగం ఎంతో తెలియకుండా లెవెల్ ఎంత పొడవు పెట్టాలి? ఖాళీగా ఉన్నట్టు కనిపించకూడదని ఏడు సౌండ్ కార్డులు తెరిచి పెట్టుకున్నాను, జరుగుతున్నవిలో ఉన్న 19 లో ఆ ఏడు నావే. అందులో నిజంగా జరుగుతున్నది ఒక్కటి. గ్రూపులో చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్తున్నాను. కొంగా, సారీ.

కొల్లేరు_కొంగ

సారీ ఎందుకురా. నువ్వు లెవెల్స్ ఎందుకు చేయడం లేదని మనసులో అనుకున్నాను గానీ నేనూ అడగలేదు. పడవ వేగం నేను రోజుకోసారి మారుస్తున్నాను, నీకు ఒక్కసారీ చెప్పలేదు.

నల్లబల్ల

వలకాడూ, చెప్పడం మంచిదైంది. నీలాంటి పరిస్థితికి హద్దు ఎంత ఉపయోగమో చూడు. నాలుగే చోట్లు ఉంటే ఏడు కార్డులు తెరిచి పెట్టుకోవడం కుదరదు, నీకు పని లేదన్న సంగతి రెండో రోజే అందరికీ కనిపించేది. పడవ వేగాన్ని ఒక కార్డుగా పెట్టండి, "పడవ వేగం, మలుపు ఖాయం చేయడం", ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక సాయంత్రంలో పూర్తి చేయండి. నెలకి ఒకసారి వేగం మారినా పర్లేదు, మార్చే ముందు నీకు తెలియాలి. ఆడి చూడటానికి కూడా నువ్వే ఎక్కువ సమయం పెట్టగలవు, అది చిన్న పనేమీ కాదు.

హరి_విజయనగరం

ఆగిన కార్డులకి "ఆగినవి" అని ఇంకో కాలమ్ పెడితే బాగుంటుంది. జరుగుతున్నవి శుభ్రంగా ఉంటుంది.

నల్లబల్ల

దీనిమీద మా స్టూడియోలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. నేను వద్దంటాను. వేరే కాలమ్ పెడితే ఆగిన కార్డు హద్దు లెక్క నుంచి తప్పించుకుంటుంది, కొత్తది లాగడానికి చోటు దొరుకుతుంది, నెల తిరిగేసరికి ఆ కాలమ్‌లో 12 పోగవుతాయి, వాటి వైపు ఎవరూ చూడరు. ఉన్నచోటే ఉంచి ఎర్ర లేబుల్ పెట్టి, ఎవరి కోసం, దేని కోసం ఆగిందో ఒక వాక్యం, తేదీ రాయండి. చోటు ఆక్రమించుకుని ఇబ్బంది పెడుతుంది, ఆ ఇబ్బంది వల్లే ఎవరో ఒకరు దాన్ని విడిపిస్తారు. బయటివాళ్ల కోసం ఆగితే, అంటే మీ గైడ్ సంతకం లాంటివైతే, పక్కన పెట్టడం న్యాయమే.

కొల్లేరు_కొంగ

రెండు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

13 కార్డులు వెనక్కి పంపాం. ఆ రాత్రి ఒకరిద్దరికి కోపం వచ్చింది, ముఖ్యంగా సేవ్ చేసే అతనికి, ఎందుకంటే అతని సేవ్ కార్డు కూడా వెనక్కి వెళ్లింది. చేపలు పట్టడాన్ని ఐదుగా కోశాం, మొదటిది మర్నాడు సాయంత్రానికి అయిపోయింది, చతురస్రాలతోనే. నలుగురం ఒకే ఫోన్ పట్టుకుని గంటసేపు ఆడాం. మొదటిసారి అది గేమ్‌లా అనిపించింది. ఐదోది కూడా చతురస్రాలతోనే ఆడి చూస్తే, వల వేశాక రెండు సెకన్లు ఆగడం చిరాకు తెప్పించింది, ఒక సెకను చేశాం. బొమ్మలన్నీ అయ్యాక ఇది తెలిసి ఉంటే యానిమేషన్ మళ్లీ గీయాల్సి వచ్చేది.

మొదటి వారం 4 అయ్యాయి, రెండో వారం 7. ఫోన్లో ఆడి చూసినవే లెక్కపెట్టాను. నాలుగు హద్దుని రెండుసార్లు దాటాం, రెండుసార్లూ రాత్రి పూట నేనే దాటాను, ఆ తర్వాతి రోజు ఆడి చూడాలిలో కార్డులు పేరుకుపోయాయి. బొమ్మలమ్మాయికి తూనీగ గారు చెప్పినట్టు రెండు వదిలాం. మొదటి వారం బాగుంది, రెండో వారం ఆ రెండూ ఐదు రోజులు ఆగాయి, కాబట్టి అది సరైనదో కాదో మాకింకా తెలియదు.

ఒక కొత్త సమస్య వచ్చింది. నేనూ వలకాడూ ఒకే రోజు `lake_level.tscn` మార్చాం, కలపబోతే సీన్ ఫైల్ తెరుచుకోలేదు. ఇద్దరి కార్డులూ వేరు, బోర్డులో గొడవే లేదు, ఫైల్ మాత్రం ఒకటే.

టెక్సస్_తాటిచెట్టు

మాకూ ఇదే వచ్చింది. పడవ, చేప, గుర్రపుడెక్క ఒక్కోటి సొంత సీన్‌గా పెట్టండి, లెవెల్ సీన్‌లో వాటిని తెచ్చి అమర్చడం మాత్రమే ఉండాలి. అప్పుడు నువ్వు `boat.tscn` లో ఉంటావు, లెవెల్ ఫైల్ అతను ఒక్కడే ముట్టుకుంటాడు. ఎవరు ఏ సీన్ మారుస్తున్నారో కార్డు పేరులోనే రాసుకుంటే, ఒకే సీన్ పేరుతో రెండు కార్డులు జరుగుతున్నవిలోకి వచ్చినప్పుడు కంటికి కనిపిస్తుంది. బొమ్మల అసలు ఫైళ్లు అసలు కలపలేం కాబట్టి వాటికి తాళం వేయొచ్చు, ముందు గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ పెట్టుకుని ఉండాలి:

```
git lfs track "*.aseprite" --lockable
git lfs lock assets/boat.aseprite
```

పని అయ్యాక `unlock` చేయడం మర్చిపోకండి. మా ఫ్రెండ్ తాళం వేసి ఊరెళ్లిపోయాడు, మూడు రోజులు అందరం ఇబ్బంది పడ్డాం.

నల్లబల్ల

కొంగా, ఇప్పుడు మిగిలిన వాటి లెక్క చెప్పు.

కొల్లేరు_కొంగ

చేయాల్సినవి 44, చేతిలో ఆరు, మొత్తం 50. ఐదు వారాలు ఉన్నాయి. వారానికి ఐదున్నర చొప్పున 27 దాకా అవుతాయి.

నల్లబల్ల

చివరి వారం కొత్తది ఏదీ కలపకుండా తప్పులు సరిచేయడానికే ఉంచుకో. అంటే నాలుగు వారాలు, 22 కార్డులు. 28 తీసేయాలి. ఇప్పుడు తీసేస్తే ఏవి ఉండాలో మీరు ఎంచుకున్నట్టు, నాలుగు వారాలు ఆగితే ఏవి మిగిలితే అవే.

హరి_విజయనగరం

28 చాలా ఎక్కువండి. వారానికి ఏడు చేశారు కదా రెండో వారం, అలవాటు పడ్డాక ఇంకా పెరుగుతుంది. ఏడు చొప్పున నాలుగు వారాలకి 28, అంటే తీసేయాల్సింది 22 మాత్రమే.

నల్లబల్ల

పెరగొచ్చు. మధ్యలో మిడ్ పరీక్షలు కూడా ఉంటాయి. 22 మీద నిలబడి, మిగిలిన వాటిని వరుసలో పెట్టుకోండి, వేగం పెరిగితే పై నుంచి తీసుకోండి.

వలకాడు

ఇక్కడే మాకు గొడవ. నేను రాత్రి లెవెల్ ఉండాలంటాను, చీకట్లో గట్టుకి చేరడమే ఈ గేమ్‌లో భయం పుట్టించేది. సేవ్ చేసే అతను సేవ్ ఉండాలంటాడు. ఆరు నిమిషాల గేమ్‌కి సేవ్ ఎందుకని నేను. మార్కులు ఇచ్చేవాళ్లు ఎవరు ఏం చేశారని అడుగుతారు, సేవ్ తీసేస్తే నేను చేసింది ఏమని చూపించాలి అని అతను. అది కూడా నిజమే.

తూనీగ

మార్కుల సంగతి చాలా పెద్దది, దాన్ని తక్కువగా చూడకండి. మా దగ్గర కమిట్లు లెక్కపెట్టారు, నేను గీసిన 60 బొమ్మలు రెండు కమిట్లలో ఉన్నాయి. ఆ తర్వాత నుంచి కార్డులో ఎవరు చేశారు, ఎవరు ఆడి చూశారు అని రెండు పేర్లు రాయిస్తున్నాను. గైడ్‌కి బోర్డు చూపించినా ఆయన ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి.

కొల్లేరు_కొంగ

రేపు మధ్యాహ్నం ల్యాబ్ అయ్యాక గైడ్ దగ్గరకి నలుగురం వెళ్తున్నాం. సాయంత్రం కూర్చుని 50 కార్డులూ కాగితాల మీద రాసి నేల మీద పరుస్తాం, ఒక్కొక్కరు ఉంచాల్సినవి ఐదు ఎంచుకోవాలి, దానితో 20 అవుతాయి, మిగతా రెండూ అందరం కలిసి. సేవ్, రాత్రి లెవెల్ ఆ ఐదుల్లోకి వస్తాయో లేదో చూడాలి. ఫోన్‌లో ఆడే ఫైల్ కావాలంటే చెప్పండి, పెడతాను, కొంగ మాత్రం కనిపిస్తుంది ఇప్పుడు.

సౌండ్‌పెట్టె

పెట్టు, నేను ఆడతాను. వల పడే చప్పుడు కావాలంటే బకెట్ నీళ్లలో తడి తువ్వాలు వేసి రికార్డ్ చేయండి, బాగా వస్తుంది.